ట్యాబ్‌లో సిమ్ వేస్తే ఫోనవుతుందా?

సెల్ షాపుకు వెళ్లి "ట్యాబ్‌లోకి డేటా సిమ్ ఒకటి కావాలి" అని అడిగి చూడండి. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ఆధార్ నంబరు తీసుకుని, ఫొటో దిగమని, ఫోన్‌లో వేసే సిమ్మే చేతిలో పెడతాడు. అతను మోసం చేయలేదు. మన దేశంలో మామూలు ఖాతాదారులకు ప్రీపెయిడ్‌లో ప్రత్యేకంగా డేటా సిమ్ అనేది దాదాపు దొరకదు. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో అయితే కాల్స్ లేకుండా ఉత్త డేటా మాత్రమే ఇచ్చే కనెక్షన్లు వేరుగా అమ్ముతారు. ఇక్కడ అదే సిమ్, అదే పదంకెల నంబరు, అవే రీచార్జీలు. దాన్ని డేటా సిమ్‌గా మార్చేది మన ట్యాబ్.

ఎలాగంటారా? 4జీలో మాట కూడా డేటాగానే వెళ్తుంది. అయితే మామూలు ఇంటర్నెట్ వెళ్లే దారిలో కాకుండా, కంపెనీ కాల్స్ కోసం విడిగా ఉంచిన దారిలో, ముందు వరసలో వెళ్తుంది. ఆ దారిలోకి వెళ్లడానికి పరికరంలో అందుకు తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఐప్యాడ్‌లో అది లేదు. లక్ష రూపాయలు పోసి కొన్న సెల్యులార్ ఐప్యాడ్ అయినా సరే, అందులో పెట్టిన సిమ్‌తో నంబరు నొక్కి మామూలు కాల్ చేయలేరు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. మన దగ్గర అమ్మే శాంసంగ్ 4జీ, 5జీ ట్యాబ్‌లలో చాలావాటికి కాల్స్, మెసేజీలు రెండూ వస్తాయి. కొన్ని ఇతర కంపెనీల ట్యాబ్‌లలో సిమ్ పెట్టే చోటు ఉన్నా డేటా మాత్రమే నడుస్తుంది. అందుకని పెట్టె మీద "4జీ" అని చూసి తృప్తి పడకండి. షాపులో డెమో ట్యాబ్ ఉంటే అందులో ఫోన్ ఆప్, మెసేజ్ ఆప్ ఉన్నాయేమో కళ్లారా చూడండి. "వైఫై" అని మాత్రమే రాసి ఉంటే అందులో సిమ్ పట్టనే పట్టదు. ఇలాంటివి పొరపాటున కొనేసి, తరువాత సిమ్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కాల్స్ రాకపోతే ఏం పోతుంది? మొదట అందరికీ వచ్చే బెంగ ఇదే. నిజానికి ఆ లోటు చాలామందికి వారం తిరక్కుండానే మరుపున పడుతుంది. వాట్సాప్ కాల్, ఫేస్‌టైమ్, గూగుల్ మీట్, జూమ్ ఇవన్నీ ఇంటర్నెట్ మీద నడిచేవి. సిమ్‌లో డేటా ఉంటే చాలు, కాల్స్ రాని ట్యాబ్‌లో కూడా గంటల తరబడి మాట్లాడుకోవచ్చు. డల్లాస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడే తల్లిదండ్రులు ఎలాగూ మామూలు ఫోన్ కాల్ చేయడం ఎప్పుడో మానేశారు. పెద్ద తెర మీద మనవడి ముఖం కనిపిస్తుంటే మామూలు కాల్స్ లేవన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కాకపోతే ఈ కాల్స్ ఆప్ నుంచి ఆప్‌కే. గ్యాస్ ఏజెన్సీ ల్యాండ్‌లైనుకూ, ఆసుపత్రి రిసెప్షన్‌కూ ఐప్యాడ్ నుంచి నేరుగా చేయలేరు. అంతకంటే ముఖ్యమైనది, 112 కూడా నొక్కలేరు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ట్యాబ్ కొనిచ్చి "ఇక మీకు ఫోనెందుకు" అని పాత ఫోన్ తీసేసుకోవడం మాత్రం ఏ విధంగానూ మంచిది కాదు. ఐఫోన్ ఉన్నవాళ్లు ఒకే యాపిల్ ఖాతాతో, ఒకే వైఫైలో ఉంటే ఐఫోన్‌కు వచ్చే కాల్‌ను ఐప్యాడ్ మీద ఎత్తవచ్చు. శాంసంగ్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. అప్పుడు కాల్ నడిపేది ఫోన్ సిమ్మే. ట్యాబ్ దానికి స్పీకరుగా పనిచేస్తుందంతే.

అసలు ఇబ్బంది పెట్టేది మాట కాదు, ఎస్సెమ్మెస్. మన దేశంలో ఈ పొట్టి సందేశం మీదే సగం వ్యవహారాలు ఆధారపడి ఉన్నాయి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ డెలివరీ కోడ్ అన్నీ దాని మీదే వస్తాయి. ఓటీపీ ఫోన్‌కు వస్తే చూసి ట్యాబ్‌లో టైపు చేసుకోవచ్చు, అది పెద్ద కష్టం కాదు. యూపీఐ దగ్గరే దారి మూసుకుపోతుంది. ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ ఏదైనా మొదటిసారి తెరిచినప్పుడు, బ్యాంకులో నమోదైన నంబరున్న సిమ్ నుంచి ఆ పరికరమే తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ పంపాలి. ఈ ఖాతా ఈ సిమ్‌ది, ఈ సిమ్ ఈ పరికరంలోనే ఉంది అని రుజువు చేసుకునే పద్ధతి అది. ఎస్సెమ్మెస్ పంపలేని ట్యాబ్ ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఓటీపీలా పక్క ఫోన్‌లో చూసి కొట్టేయడం ఇక్కడ కుదరదు. కాబట్టి డబ్బు చెల్లింపులు ఫోన్‌కే వదిలేసి, ట్యాబ్‌లో నెట్ బ్యాంకింగ్ వెబ్‌సైటుతో సరిపెట్టుకోవాలి.

వాట్సాప్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఫోన్‌లో ఉన్న మీ ఖాతానే ట్యాబ్‌లో "లింక్డ్ డివైస్"గా తెరుచుకోవచ్చు. ఇలా నాలుగు పరికరాల దాకా కలుపుకోవచ్చు. ఐప్యాడ్‌కు విడిగా ఆప్ 2025 మే నెలలో వచ్చింది. దీనికి ట్యాబ్‌లో ఉన్న సిమ్ నంబరుతో పని లేదు, డేటా ఉంటే చాలు. అయితే ఫోన్‌లో వాట్సాప్‌ను 14 రోజులపాటు తెరవకపోతే ట్యాబ్‌లో లాగిన్ తెగిపోతుంది. దీనికి తోడు, 2025 నవంబరులో టెలికాం శాఖ ఇలాంటి మెసేజింగ్ ఆప్‌లు ఖాతా తెరిచిన సిమ్‌కు ఎప్పుడూ ముడిపడి ఉండాలనీ, వెబ్ లాగిన్‌లు ఆరు గంటలకు మించి నిలవకూడదనీ ఆదేశాలిచ్చింది. మీ ట్యాబ్ మాటిమాటికీ క్యూఆర్ కోడ్ అడుగుతుంటే ట్యాబ్ పాడైందని కంగారు పడకండి. ఫోన్ పక్కనే ఉంచుకుని మళ్లీ కలుపుకోండి.

ఇక సిమ్ వేయడం. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే కొత్త సిమ్‌ను మేల్కొలిపే పద్ధతి ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. జియో సిమ్ అయితే 1977కు, ఎయిర్‌టెల్ అయితే 59059కు ఆ సిమ్ నుంచే కాల్ చేసి వెరిఫికేషన్ పూర్తి చేయమని చెప్పడం మామూలు. కాల్ చేయలేని ట్యాబ్‌లో ఇది ఎలా? సిగ్నల్ గీతలు కనిపిస్తుంటాయి, నెట్ మాత్రం రాదు. అందుకే కొత్త సిమ్‌ను నేరుగా ట్యాబ్‌లో వేయకండి. ముందు ఏదైనా ఫోన్‌లో పెట్టి వెరిఫికేషన్ చేయండి, రీచార్జి చేయండి, ఒక పాట మోగించి డేటా వస్తున్నదో లేదో చూడండి. అదే కూర్చున్న చోట ఇంకో పని కూడా ముగించేయండి. మీ అసలు ఫోన్‌లో ఆ కంపెనీ ఆప్ తెరిచి, ఈ కొత్త నంబరును కూడా అందులో చేర్చుకోండి. అందుకు వచ్చే ఓటీపీ కొత్త సిమ్‌కే వస్తుంది కదా, అది ఫోన్‌లో ఉండగానే ఆ పని తేలిపోవాలి. ఇది చేయని వాళ్లకు తరువాత డేటా ఎంత మిగిలిందో తెలుసుకోవాలన్నా ట్యాబ్‌లోంచి సిమ్ ఊడదీయాల్సి వస్తుంది.

2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఐప్యాడ్ ఎయిర్ సెల్యులార్ మోడళ్లలో సిమ్ పెట్టే ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. ఇక్కడ విచిత్రం చూడండి. జియో సిమ్‌ను ఈసిమ్‌గా మార్చుకోవాలంటే GETESIM అని కొట్టి, పరికరం ఈఐడీ, ఐఎంఈఐ నంబర్లు జోడించి 199కి ఎస్సెమ్మెస్ పంపాలి. ఎయిర్‌టెల్ వాళ్లు 121కి పంపమంటారు. అంటే ట్రే లేని ట్యాబ్‌లోకి వెళ్లాల్సిన సిమ్ కూడా ముందు ఒక ఫోన్‌లో కాపురం చేసి రావలసిందే. ఈఐడీ, ఐఎంఈఐ రెండూ ఐప్యాడ్‌లో Settings, General, About వరుసలో కనిపిస్తాయి. ఇచ్చేవి ఐప్యాడ్ నంబర్లే అయి ఉండాలి, ఎస్సెమ్మెస్ వెళ్తున్న ఫోన్‌వి కాదు.

ఫోన్‌లో బాగా వచ్చిన డేటా ట్యాబ్‌లో రాకపోతే నూటికి తొంభై సార్లు తప్పు ఏపీఎన్ అనే గడిలో ఉంటుంది. ఇంటర్నెట్ ద్వారం పేరు అది. మామూలుగా దానంతటదే నిండుతుంది, ఒక్కోసారి ఖాళీగా మిగిలిపోతుంది. జియోకు jionet, ఎయిర్‌టెల్‌కు airtelgprs.com, బీఎస్ఎన్ఎల్‌కు bsnlnet అని చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, ట్యాబ్‌ను ఒకసారి ఆపి తెరవండి.

ప్లాన్ ఎంచుకునే ముందు అసలు ఈ రెండో సిమ్ అవసరమా అని అడుగుతాను. మీ ఫోన్ 5జీదై, మీ ఊళ్లో 5జీ ఉండి, రోజుకు 2 జీబీ లేదా అంతకు మించిన ప్లాన్ వాడుతుంటే జియో, ఎయిర్‌టెల్ 5జీ డేటాను పరిమితి లేకుండా ఇస్తున్నాయి. ఫోన్‌లో హాట్‌స్పాట్ తెరిస్తే ట్యాబ్‌కు అదే చాలు. ఫోన్ బ్యాటరీ దిగిపోవడం, ఫోన్ బయటికి వెళ్తే ట్యాబ్ మూగబోవడం ఇందులో కష్టాలు. ట్యాబ్ ఇంట్లో ఒకరి దగ్గర, ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండే కుటుంబాలకు, 5జీ ఇంకా రాని ఊళ్లవారికి, ప్రయాణాల్లో పనిచేసేవారికి మాత్రం విడి సిమ్ పనికొస్తుంది. సెల్యులార్ ఐప్యాడ్‌లో ఇంకో లాభం ఉంది. వైఫై ఐప్యాడ్‌లో లేని జీపీఎస్ ఇందులో ఉంటుంది, కారులో మ్యాప్ చూడటానికి బాగుంటుంది.

సరే, సిమ్ కావాలనే అనుకుందాం. ఒక లెక్క వేసి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాలో ఒక గ్రామ సచివాలయ ఉద్యోగిని. గ్రూప్-2కు చదువుకుంటోంది. ఆమె ఊళ్లో 4జీ మాత్రమే ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు గంట రికార్డు చేసిన పాఠం, శనివారం మూడు గంటలు, ఆదివారం ఆరు గంటల లైవ్ క్లాసు.

డేటా ఎంత కావాలో తెలియడానికి ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో గంటసేపు వీడియో నడిస్తే 450 ఎంబీ అవుతుంది. 480పీ నాణ్యతలో పాఠం సుమారుగా ఆ వేగంతోనే నడుస్తుంది. బోర్డు మీద అక్షరాలు చదువుకోవడానికి అది సరిపోతుంది. 720పీ పెడితే ఉజ్జాయింపుగా దానికి రెట్టింపు. తెర పెద్దది కావడంతో ట్యాబ్‌లో చాలా ఆప్‌లు అడగకుండానే పై నాణ్యతకు వెళ్లిపోతాయి, అందుకే ఫోన్‌లో సరిపోయిన డేటా ట్యాబ్‌లో చాలదు.

ఆమె వారానికి చూసేది 14 గంటలు. 480పీలో అయితే 6.3 జీబీ, నాలుగు వారాలకు సుమారు 25 జీబీ. ఇప్పుడు రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ వేసుకుందనుకోండి. మొత్తం 42 జీబీ కొన్నట్టు. కావలసినదానికంటే 17 జీబీ ఎక్కువ. అయినా ఆదివారం క్లాసు మొదలైన మూడు గంటల ఇరవై నిమిషాలకు వీడియో గింగిరాలు తిరుగుతూ ఆగిపోతుంది. ఆ రోజు కోటా అయిపోయింది. ఆపైన వచ్చే వేగం 64 కేబీపీఎస్, గంటకు 30 ఎంబీ కూడా దిగదు. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తాయి, వీడియో కదలదు. మరోవైపు, మామూలు రోజుల్లో వాడేది 450 ఎంబీయే. మిగిలిన జీబీకి పైగా డేటా అర్ధరాత్రి పన్నెండుకు మాయమవుతుంది. రోజువారీ కోటా ప్లాన్లు ఫోన్ అలవాట్లను చూసి తయారుచేసినవి. ఫోన్‌ను రోజూ ఇంచుమించు ఒకేలా వాడతాం. ట్యాబ్ వాడకం అలా ఉండదు, నాలుగు రోజులు అల్మారాలో పడి ఉండి ఐదోరోజు ఒక్కసారే మింగుతుంది.

అందుకని ట్యాబ్‌కు గుండుగుత్త డేటా నప్పుతుంది. ఇన్ని జీబీలు, ఇన్ని రోజుల్లో ఎప్పుడైనా వాడుకోండి అని ఇచ్చేవి. అయితే మన దగ్గర ఈ డేటా ప్యాకులు ఒంటరిగా పనిచేయవు. కింద చెల్లుబాటులో ఉన్న ఒక బేస్ ప్లాన్ ఉండాలి. 30 జీబీ డేటా ప్యాకు చవగ్గా కనిపించిందని కొనేసి, బేస్ ప్లాన్ నాలుగు రోజుల్లో ముగుస్తుందని చూసుకోకపోతే డేటా ఉన్నా నెట్ ఉండదు. ఏది ముందు ముగుస్తుందో అదే అసలు గడువు.

లెక్క కోసం ధరలను గుండ్రంగా తీసుకుందాం. రీచార్జి చేసేనాటి ధరలు పెట్టి మీరూ ఇలాగే వేసుకోండి. 28 రోజుల కనీస బేస్ ప్లాన్ 200, దానిపై నెల గడువున్న 30 జీబీ ప్యాకు 220. మొత్తం 420 రూపాయలు. రోజుకు 2 జీబీ ప్లాన్ 350 అనుకుంటే, ఆదివారం 2.7 జీబీ కావాలి గనుక వారానికోసారి చిన్న టాపప్ పాతిక రూపాయలు, నాలుగు వారాలకు 100. మొత్తం 450. తేడా 30 రూపాయలే. కాబట్టి గుండుగుత్త ఎప్పుడూ చాలా చవక అని నేను చెప్పను. దాని వల్ల ఒరిగేది, లైవ్ క్లాసు మధ్యలో పుస్తకం పక్కనపెట్టి రీచార్జి చేసుకునే బాధ తప్పడం.

ఆదివారంవి కూడా రికార్డు చేసిన పాఠాలే అయి, ఆప్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం ఉంటే లెక్క తలకిందులవుతుంది. 1.5 జీబీ ప్లాన్ 300 రూపాయలతో పని జరిగిపోతుంది. వారం పొడుగునా మిగిలే డేటాతో రాత్రి పదకొండు లోపల రెండేసి పాఠాలు దించుకుని ఆదివారం నెట్ లేకుండానే చూడవచ్చు. వృథా పోయే కోటాను వాడుకోవడానికి నాకు తెలిసిన తేలిక మార్గం ఇదే.

ఏ ప్యాకు తీసుకున్నా, మనం చూడని డేటా కూడా కొంత కరుగుతుంది. ఆప్‌లు తమంతట తాము అప్‌డేట్ కావడం, ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కడం దీనికి కారణం. ఆండ్రాయిడ్‌లో Data Saver, ఐప్యాడ్‌లో Low Data Mode తెరిచి ఉంచండి. అప్‌డేట్లు వైఫైలోనే జరగాలని స్టోర్ సెట్టింగ్స్‌లో పెట్టండి. రెండు రోజుల్లో మూడు జీబీ ఎలా పోయిందో అర్థం కాకపోతే, డేటా వాడకం పేజీలో ఆప్‌ల వారీ లెక్క ఉంటుంది. ఎక్కువసార్లు అక్కడ పైన కనిపించేది ఫొటోల ఆప్ గానీ, ఆప్ స్టోర్ గానీ.

చవక చూసి పడిపోయే గుంట ఒకటుంది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ఒకటైనా ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నియమం పెట్టింది. డేటా వాడని పెద్దలకు అది మేలు. రీచార్జి జాబితాలో దీర్ఘకాల గడువుతో, తక్కువ ధరతో కనిపించే ఆ ప్యాకును ట్యాబ్‌కు వేస్తే, ట్యాబ్ చేయలేని పనులు మాత్రమే కొన్నట్టవుతుంది. డబ్బు కట్టే ముందు డేటా అనే వరుసలో ఏముందో చదవండి.

ఇంట్లో ఇప్పటికే పోస్ట్‌పెయిడ్ ఉంటే ఈ తలనొప్పి చాలా తగ్గుతుంది. ఫ్యామిలీ ప్లాన్‌లో అదనపు కనెక్షన్ తీసుకుని ట్యాబ్‌లో పెడితే బిల్లు ఒకటే, గడువు గొడవ లేదు. పంచుకునే డేటా ఎంత, అది దాటితే జీబీకి ఎంత పడుతుంది అని ముందే అడగండి. సిగ్నల్ సంగతి కూడా అంతే. ట్యాబ్ పెట్టి చదువుకునే గదిలోకి ఆ కంపెనీ సిమ్ ఉన్న ఎవరి ఫోనైనా తెచ్చి, సాయంత్రం ఎనిమిది గంటలప్పుడు ఒక వీడియో నడిపి చూడండి. మధ్యాహ్నం వచ్చే వేగం చాలా ఊళ్లలో రాత్రి ఉండదు.

అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు కొనే ట్రావెల్ ఈసిమ్‌లు ఎక్కువగా అసలు సిసలైన డేటా సిమ్‌లు. చాలావాటికి నంబరే ఉండదు. ట్యాబ్‌కు అవి బాగా సరిపోతాయి, ఫోన్‌లోనూ వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది. బ్యాంకు ఓటీపీలు మాత్రం ఇండియా సిమ్‌కే వస్తాయి. దాన్ని తీసి పర్సులో దాచకుండా, రోమింగ్ తెరిచి, దాని డేటా మాత్రం ఆపి ఫోన్‌లోనే ఉంచండి.

చివరగా, ట్యాబ్‌లో ఉన్న నంబరు గురించి. దాన్ని బ్యాంకుకు గానీ, ఆధార్‌కు గానీ, ఈమెయిల్ రికవరీకి గానీ ఇవ్వకండి. ఇప్పుడు ఆ నంబరుకు వచ్చే సందేశాలు మీకు కనబడవు. పరీక్షలయ్యాక ట్యాబ్ మూలపడి, రీచార్జి ఆగిపోతే నంబరు కూడా పోతుంది. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలైనా నిల్వ ఉంటే దాన్ని మినహాయించుకుని కొంతకాలం కొనసాగించాలి. రద్దయిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఒక మనిషికి గరిష్ఠంగా తొమ్మిది సిమ్‌లే. ఇక వాడనని తేలిన ట్యాబ్ సిమ్‌ను అక్కడే "అవసరం లేదు" అని నమోదు చేసి తీయించేయండి.